పదహారేళ్లుగా ఇంగ్లీషు వాడుతున్నా ‘ద’ దగ్గర తడబాటే. ఇది ఫాసిలైజేషనా, వయసు దాటిపోవడమా?

వెన్నెలదారి · సోమవారం రాత్రి 9.40

నాకు 38 ఏళ్లు. ఇంగ్లీషులో మాట్లాడటం, రాయడం నిజంగా మొదలైంది 22వ ఏట, ఉద్యోగంలో చేరాక. అప్పటినుంచి రోజూ అదే పని: మెయిళ్లు, కాల్స్, రిపోర్టులు. అయినా ‘ద’, ‘ఎ’ ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ చెయ్యి తిరగలేదు. మొన్న ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చినాయన నా మెయిల్ ఒకటి చూసి, “మీ ఇంగ్లీషు ఫాసిలైజ్ అయిపోయిందండీ, చిన్నప్పుడు పట్టుబడాల్సింది, ఇక పెద్దగా కదలదు” అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ మాట గుచ్చుకుంది.

ఓదార్పు కోసం అడగట్లేదు. ఒక వయసు దాటాక రెండో భాష వ్యాకరణం పూర్తిగా పట్టుబడదని ఎవరైనా నిజంగా తేల్చారా? ఒక్క మెయిల్ చూసి ‘గడ్డకట్టింది’ అని చెప్పేయొచ్చా?

నత్తనడక · సోమవారం రాత్రి 10.05

కటువుగా ఉన్నా ఆయన చెప్పింది నిజమే. లెన్నెబర్గ్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే చెప్పేశాడు. రెండేళ్ల నుంచి యుక్తవయసు దాకా మెదడు భాషకి తెరుచుకుని ఉంటుంది. ఆ లోపల భాష పని ఎడమ భాగంలో స్థిరపడిపోతుంది, తర్వాత తలుపు మూసుకుంటుంది. మనమంతా మూసిన తలుపు బయట నిలబడి తడుతున్నవాళ్లమే.

గోరింక77 · సోమవారం రాత్రి 10.31

అదంతా సాకండీ. నేను 45వ ఏట స్పానిష్ మొదలుపెట్టా. మూడేళ్లలో నవలలు చదివేస్తున్నా. రోజుకి గంట కూర్చుంటే ఎవరికైనా వస్తుంది.

రాగిచెంబు · సోమవారం రాత్రి 10.48

ఇది చదివి నాకు టెన్షన్ పట్టుకుంది. మా పాపకి నాలుగేళ్లు. ఇప్పుడే రెండో భాష క్లాసులో వెయ్యాలా? ఆలస్యం చేస్తే తలుపు మూసుకుపోతుందా?

పాతసున్నా · మంగళవారం ఉదయం 6.20

రెండో భాష నేర్చుకునేవాళ్ల తప్పుల మీద చాలాకాలం పనిచేశాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

నత్తనడక గారూ, లెన్నెబర్గ్ ఆ మాట అన్నది ముఖ్యంగా మొదటి భాష గురించి. భాష మెదడు ఎడమ భాగంలో స్థిరపడటం యుక్తవయసు దాకా సాగుతుందన్న లెక్క కూడా ఎక్కువ కాలం నిలవలేదు. అది అయిదేళ్లకే అయిపోతుందని క్రాషెన్ 1973లో వాదించాడు. కాబట్టి ‘యుక్తవయసుకి తలుపు’ అన్నదానికి మెదడులో దొరికిన మొదటి ఆధారమే కదిలిపోయింది. గోరింక గారూ, మీరు నవలలు చదవడం బాగుంది, కానీ చదివి అర్థం చేసుకోవడంలో ఎవరికీ పేచీ లేదు. వెన్నెలదారి గారూ మెయిళ్లు చదివి అర్థం చేసుకుంటారు. ఆవిడ అడుగుతున్నది నోట్లోంచి, చేతిలోంచి వచ్చే వ్యాకరణం గురించి.

ఇక ఫాసిలైజేషన్. ఈ మాటనీ, ఇంటర్‌లాంగ్వేజ్ అన్న మాటనీ వాడుకలోకి తెచ్చింది 1972లో సెలింకర్ వ్యాసం. నేర్చుకునేవాడి భాష అంటే సగం ఇంగ్లీషు, సగం తప్పులు కాదు, దానికి తనవైన సూత్రాలు ఉంటాయి అన్నదే అందులో అసలు విషయం. ఆ సూత్రాల్లో కొన్ని ఎంత వాడినా, ఎంత దిద్దినా కదలకుండా ఉండిపోతాయని ఆయన గమనించాడు. అక్కడ ‘కొన్ని’ అన్న మాట ముఖ్యం. భాష మొత్తం గడ్డకట్టడం అన్నది ఆ వ్యాసంలో లేదు, మీ ట్రైనర్ గారి నోట్లో ఉంది.

దీనికి మనకి తెలిసిన మంచి కేసు ప్యాటీ. అది మారుపేరు. డోనా లార్డియర్ అనే పరిశోధకురాలు ఆవిణ్ణి ఏళ్లతరబడి గమనించింది. ప్యాటీ చైనీస్ మాట్లాడే ఇంట పెరిగి 22వ ఏట అమెరికా వచ్చింది. చదువు, ఉద్యోగం, కాపురం అన్నీ ఇంగ్లీషులోనే. వచ్చిన సుమారు పదేళ్లకి ఒకసారి ఆవిడ మాటలు రికార్డ్ చేశారు. మళ్లీ ఎనిమిదిన్నరేళ్లకి పైగా గడిచాక చేశారు. భూతకాలం గుర్తు తప్పనిసరిగా ఉండాల్సిన చోట్లు వందయితే, ఆవిడ పెట్టినవి మొదటిసారి సుమారు 34, రెండోసారీ దాదాపు అంతే. మధ్యలో గడిచిన ఏళ్లన్నీ ఆ లెక్కని అంగుళం కదపలేదు. ఫాసిలైజేషన్ అంటే ఇది. రెండు కొలతలు, మధ్యలో ఏళ్లు, ఆ ఏళ్లలో భాషకి కరువు లేకపోవడం. ఒక్క మెయిల్‌తో ఇది తేలదు.

కానీ అదే ప్యాటీ ‘హి’, ‘హిమ్’, ‘షి’, ‘హర్’ ఎక్కడా తప్పలేదు. అంటే వాక్యంలో కర్త స్థానం ఏదో, కర్మ స్థానం ఏదో లోపల చక్కగా స్థిరపడి ఉంది. ఒకే మనిషి, ఒకే వయసులో రాక, ఒకే ఇంగ్లీషు. ఒక గది పూర్తిగా కట్టేసి ఉంది, పక్క గది సగంలో ఆగిపోయింది. తలుపు మూసుకోవడమే కారణమైతే రెండు గదులకీ ఒకేలా మూసుకోవాలి కదా.

లెక్కలపంతులు · మంగళవారం ఉదయం 8.02

పాతసున్నా గారూ, ప్యాటీ భూతకాలం తప్పడం వ్యాకరణం రాకా, నోరు తిరగకా? ‘వాక్డ్’ అన్నప్పుడు చివర రెండు హల్లులు ఒకదాని మీద ఒకటి పడతాయి. చైనీస్‌లో పదం అలా ముగియదు.

పాతసున్నా · మంగళవారం ఉదయం 8.40

సరైన చోట పట్టుకున్నారు. లార్డియర్ ఆవిడ ఈమెయిళ్లు కూడా చూసింది. రాతలో భూతకాలం గుర్తులు నూటికి 78 దాకా ఉన్నాయి. అంటే నోటి అలవాటుకి ఇందులో పెద్ద వాటా ఉంది, ‘తెలియకపోవడం’ ఒక్కటే కాదు. అయితే రాసేటప్పుడు ఆలోచించే తీరిక ఉంటుంది, బడిలో నేర్చుకున్న సూత్రం గుర్తు తెచ్చుకోవచ్చు, కాబట్టి ఆ 78 కూడా అచ్చంగా లోపలి వ్యాకరణమే అనలేం. ఈ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

నత్తనడక · మంగళవారం ఉదయం 9.15

సరే, లెన్నెబర్గ్‌ని వదిలేద్దాం. జాన్సన్, న్యూపోర్ట్ 1989 స్టడీ సంగతేమిటి? అందులో గీత ఎంత స్పష్టంగా ఉంది! దాన్ని చూశాక కూడా భాషకి ఆ వయసు గడువు, అదే క్రిటికల్ పీరియడ్, లేదంటారా?

లెక్కలపంతులు · మంగళవారం మధ్యాహ్నం 1.10

దీనికి నేను చెప్తాను, నాకు గీతలంటే ఇష్టం.

అందులో ఉన్నది 46 మంది. కొరియన్, చైనీస్ మాతృభాషగా ఉన్నవాళ్లు, 3 నుంచి 39 ఏళ్ల మధ్య అమెరికా చేరినవాళ్లు. 276 ఇంగ్లీషు వాక్యాలు టేపులో వినిపించి, ఏది సరైనదో ఏది కాదో చెప్పమన్నారు. ఏడేళ్లలోపు వచ్చినవాళ్ల మార్కులు అక్కడ పుట్టినవాళ్లతో సమానం. అక్కణ్ణుంచి 15 దాకా వచ్చిన వయసు పెరిగేకొద్దీ మార్కులు దిగుతూ వచ్చాయి. 17 దాటి వచ్చినవాళ్లలో మాత్రం వయసుకీ మార్కులకీ సంబంధం దాదాపు పోయింది, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, చెల్లాచెదురు.

ఈ చివరి ముక్కే కీలకం. చాలామంది ‘వయసు పెరిగితే మార్కులు తగ్గాయి, కాబట్టి క్రిటికల్ పీరియడ్ ఉంది’ అనుకుంటారు. వయసుతో తగ్గేవి చాలా ఉన్నాయి. పేర్లు గుర్తుండటం తగ్గుతుంది, అంతమాత్రాన పేర్లకి ఒక క్రిటికల్ పీరియడ్ ఉందని ఎవరూ అనరు. తలుపు మూసుకుందని చెప్పాలంటే గీతలో మోకాలు కనిపించాలి: ఒక వయసు దాకా దిగి, అక్కడ వంగి, ఆ తర్వాత చదునుగా సాగాలి. తలుపు మూసుకున్నాక 20లో వచ్చినా 35లో వచ్చినా తేడా ఉండకూడదు. 1989 గీతలో ఆ మోకాలు ఉంది, అందుకే అంత పేరు.

కానీ 2001లో బర్డ్‌సాంగ్, మోలిస్ అదే పరీక్షని 61 మంది స్పానిష్ మాతృభాషవాళ్లకి పెట్టారు. బొమ్మ తిరగబడింది. చిన్నప్పుడు వచ్చినవాళ్లంతా మార్కుల పైకప్పుకి తగులుతూ చదునుగా ఉన్నారు. 17 దాటి వచ్చినవాళ్లలో మాత్రం వయసు పెరిగేకొద్దీ మార్కులు దిగుతూనే పోయాయి, అదీ గట్టిగా. ఆలస్యంగా వచ్చి కూడా అక్కడ పుట్టినవాళ్ల స్థాయి అందుకున్నవాళ్లు కొందరున్నారు. అదే ప్రశ్నపత్రం, మాతృభాష మారితే మోకాలు చోటు మారింది. తలుపు మెదడులో ఉంటే మాతృభాషని బట్టి చోటు మారుతుందా?

నత్తనడక · మంగళవారం మధ్యాహ్నం 1.45

61 మందా! 2018లో ఆరు లక్షల పైచిలుకు మందితో చేసినది ఉంది. హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్. 17.4 ఏళ్ల దగ్గర నేర్చుకునే శక్తి పడిపోతుందని అంకెతో సహా చెప్పారు.

లెక్కలపంతులు · మంగళవారం మధ్యాహ్నం 2.30

669,498 మంది. నాకూ మొదట ఒళ్లు జలదరించింది. కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది ఆరు లక్షలు కాదు కదా ఆరు కోట్లతో కూడా పోదు.

ఇప్పటి వయసు = మొదలుపెట్టిన వయసు + గడిచిన ఏళ్లు. ఇద్దర్ని తీసుకోండి, ఇద్దరికీ 30. ఒకరు పదేళ్లకి మొదలుపెట్టారు, ఒకరు ఇరవైకి. రెండో మనిషికి మార్కులు తక్కువ వస్తే అది ఆలస్యంగా మొదలుపెట్టినందుకా, పదేళ్ల అలవాటు తక్కువైనందుకా? సరే, అలవాటు సమానం చేద్దామని రెండో మనిషిని 40 ఏళ్లవాడిగా తీసుకుంటే ఇప్పటి వయసు తేడా వచ్చి కూర్చుంటుంది. మూడింట్లో ఏ రెండు పట్టుకున్నా మూడోది దానంతటదే బిగుసుకుంటుంది. ఒకదాన్నే కదపడం కుదరదు.

వాళ్లు దీన్ని దాటడానికి ఒక నమూనా కట్టారు. నేర్చుకునే వేగం ఒక వయసు దాకా మారదు, ఆ తర్వాత తగ్గుతుంది, ఆ వయసు అందరికీ ఒకటే అన్న ఊహతో లెక్క వేస్తే 17.4 వచ్చింది. తర్వాత వాన్ డర్ స్లిక్, మరికొందరు అదే డేటాని జనాన్ని విడదీసి మళ్లీ లెక్కవేశారు. ఇంగ్లీషులోనే పుట్టిపెరిగినవాళ్లలో, చిన్నప్పుడే ఆ వాతావరణంలో పడ్డవాళ్లలో వంపు కనిపించింది. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లలో వంపు లేదు, నిదానంగా దిగే గీతే బాగా సరిపోయింది. క్రిటికల్ పీరియడ్ తగలాల్సింది సరిగ్గా ఆ చివరి జనానికే కదా! పుట్టుకతో ఇంగ్లీషువాళ్లకి పదిహేడు, పద్దెనిమిది దగ్గర వంపు వస్తే దానికి బడి అయిపోవడం లాంటి మామూలు కారణాలు కూడా ఉండొచ్చు.

చేతిమాట · మంగళవారం రాత్రి 8.15

చాలా రోజులుగా చదవడమే తప్ప రాయను. వినికిడి లేని పిల్లలకి చదువు చెప్తాను. మీరంతా రెండో భాష దగ్గరే తిరుగుతున్నారు. క్రిటికల్ పీరియడ్‌కి నిజంగా బరువైన ఆధారం ఎక్కడుందో మేం రోజూ చూస్తాం.

చెవులు వినపడక, ఇంట్లో ఎవరికీ సైగల భాష రాక, తొమ్మిది పదేళ్లదాకా ఏ భాషా పూర్తిగా అందని పిల్లలు ఉంటారు. రేచెల్ మేబెరీ 1993లో ఒక పోలిక చేసింది. ఒక వర్గం, పుట్టుకతో వినపడక ఆ వయసులో మొదటిసారిగా అమెరికన్ సైగల భాష నేర్చుకున్నవాళ్లు. ఇంకో వర్గం, మొదట వినపడి ఇంగ్లీషు వచ్చి, తర్వాత వినికిడి పోయి, అదే వయసులో అదే సైగల భాష నేర్చుకున్నవాళ్లు. ఇద్దరూ దశాబ్దాలుగా వాడుతున్నవాళ్లే. రెండో వర్గం చాలా ముందుంది. మొదలుపెట్టిన వయసు ఒకటే, భాష ఒకటే. తేడా అంతా అంతకుముందు ఏదో ఒక భాష ఉందా లేదా అన్నదాంట్లోనే.

మా క్లాసులో పదకొండేళ్లకి వచ్చిన ఒక అబ్బాయి సైగలు వందల్లో నేర్చాడు. వస్తువు చూపిస్తే టక్కున చేస్తాడు. కానీ ‘ఎవరు ఎవరిని కొట్టారు’ అన్నది ఒక వాక్యంలో చెప్పమంటే సైగలు ఒకదాని తర్వాత ఒకటి పేర్చి నా మొహం చూస్తాడు. పదాలు ఉన్నాయి, దారం లేదు. పెద్దయ్యాక ఇంగ్లీషులో ‘ద’ తప్పడాన్ని దీంతో ఒకే పేరు పెట్టి పిలవడం నాకు నచ్చదు.

పాతసున్నా · మంగళవారం రాత్రి 9.05

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. మొదటి భాషకి వయసు గడువు ఉందన్నదానికి ఇది గట్టి ఆధారం. ఒక భాష సమయానికి పడితే, రెండోదానికి మెదడులో నేల ముందే దున్ని ఉంటుంది. ఆ నేల మీద పాత పంట వేళ్లు కూడా ఉంటాయి, ఇబ్బంది అక్కణ్ణుంచి వస్తుంది.

అయితే నత్తనడక గారి పక్షాన ఒక్కటి చెప్పాలి. అబ్రహంసన్, హిల్టెన్‌స్టామ్ 2009లో స్వీడిష్ బాగా వచ్చిన 195 మంది స్పానిష్ మాతృభాషవాళ్లని తీసుకున్నారు. వింటే అక్కడ పుట్టినవాళ్లే అనిపించినవాళ్లని ఏరి, కష్టమైన పరీక్షలు వరసగా పెట్టారు. పన్నెండు దాటాక మొదలుపెట్టినవాళ్లలో అన్ని పరీక్షల్లోనూ పుట్టుకతో వచ్చినవాళ్ల స్థాయిలో నిలిచినవాళ్లు ఒక్కరూ లేరు. చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్లలోనూ కొందరే నిలిచారు. వయసు ప్రభావం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది తలుపా, వాలా అన్నదే పేచీ.

నత్తనడక · మంగళవారం రాత్రి 9.20

వాలైనా చివరికి కిందికే కదండీ చేరేది. నేను తలుపు అనే అంటాను.

రాగిచెంబు · మంగళవారం రాత్రి 9.32

నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు 🙂

పాతసున్నా · మంగళవారం రాత్రి 9.50

క్షమించండి. వారానికి రెండు మూడు గంటల క్లాసుకి ఈ గీతలేవీ వర్తించవు, అవన్నీ ఆ భాష మధ్య బతికినవాళ్లవి. బార్సిలోనాలో మున్యోస్ బృందం బడిలో ఇంగ్లీషు 8 ఏళ్లకి మొదలుపెట్టినవాళ్లనీ 11కి మొదలుపెట్టినవాళ్లనీ గంటలు సమానం చేసి పోల్చింది. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లే ముందున్నారు. చిన్నపిల్లలకి భాష పట్టుబడాలంటే వేల గంటలు చెవిన పడాలి, క్లాసులో అవి దొరకవు. పాపని ఆడుకోనివ్వండి.

వెన్నెలదారి గారూ, మీకో పని. ఏడెనిమిదేళ్ల కిందటి మెయిళ్లు కొన్ని, ఈ మధ్యవి కొన్ని తీయండి. ‘ద’ గానీ ‘ఎ’ గానీ తప్పక రావాల్సిన చోట్లు ఎన్ని, వాటిలో ఎన్ని పెట్టారో లెక్కపెట్టండి. తప్పులు మాత్రమే లెక్కపెడితే ఏమీ తెలియదు, చోట్లు కూడా కావాలి. వీలైతే మీ వాయిస్ మెసేజీలు కూడా చూడండి.

వెన్నెలదారి · గురువారం రాత్రి 11.15

రెండు రాత్రులు పట్టింది. ఇంగ్లీషు బాగా వచ్చిన స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టుకుని చోట్లు గుర్తుపెట్టాను.

2016 మెయిళ్లలో 64 చోట్లు, సరిగ్గా ఉన్నవి 31. ఈ మధ్యవాటిలో 59 చోట్లు, సరైనవి 41. ఇప్పటి వాయిస్ మెసేజీల్లో 47 చోట్లు, సరైనవి 24.

అసలు ఆశ్చర్యం వేరే. 2016లో ఒక మెయిల్ ఇలా ఉంది: “వి సెంట్ ఫైల్ టు క్లయింట్. ద ఫైల్ హ్యాజ్ ఎర్రర్స్. సర్వర్ ఈజ్ ఆల్సో డౌన్.” ఫైల్‌కి మొదటిసారి ఏమీ లేదు, రెండోసారి ‘ద’ వచ్చింది. సర్వర్‌కి రాలేదు. చాలావరకు ఇలాగే ఉన్నాయి. ముందు వాక్యంలో వచ్చినదాన్ని మళ్లీ చెప్పిన చోట్లు 22, అందులో 20 సరైనవి. మొదటిసారి చెప్పిన చోట్లు 42, సరైనవి 11.

పాతసున్నా · శుక్రవారం ఉదయం 6.05

ఇది చూసి టీ చల్లారిపోయింది.

మీరు ‘ద’ని మన ‘ఆ’ లాగా వాడుతున్నారు. తెలుగులో “ఫైల్ పంపాం, ఆ ఫైల్‌లో తప్పులున్నాయి” అంటాం. కానీ “సర్వర్ పనిచేయట్లేదు” అంటాం, ఆఫీసులో ఉన్నది ఒక్కటే కాబట్టి ‘ఆ సర్వర్’ అనం. ఇంగ్లీషుకి మాత్రం ఆ రెండో చోట కూడా ‘ద’ కావాలి, ఏ సర్వరో విన్నవాళ్లకి తెలుసు కాబట్టి. మీకు సూత్రం ఉంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. అది ఇంగ్లీషు సూత్రం కాదు. పదాలు ఇంగ్లీషువి, సూత్రం తెలుగు ‘ఆ’ది, కాబట్టి అది అచ్చ తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు, మధ్యలో మీరు కట్టుకున్నది. ఇంటర్‌లాంగ్వేజ్ అంటే ఏమిటో మీ 64 చోట్లు చూపిస్తే చాలు.

పట్టి చూడాల్సింది ఇంకొకటి. నామవాచకం ముందు విశేషణం ఉన్నచోట ఎక్కువ పడిపోతున్నాయా? సెర్బియన్ మాతృభాషవాళ్లలో ట్రెంకిచ్, టర్కిష్ మాతృభాషావిడలో గోడ్, వైట్ అది గమనించారు. కారణం మీద వాళ్లకీ పొసగదు. ఒకరిది తలమీద పడే భారం అని, ఇంకొకరిది మాట పలికే ఒరవడి అని.

లెక్కలపంతులు · శుక్రవారం ఉదయం 7.48

సంతోషానికి అడ్డు రావడం నా వృత్తి. 31 నుంచి 41కి పెరిగింది మీ ఇంగ్లీషా, మీ మెయిల్ బాక్సా? ఇప్పుడు ‘ద’ వదిలేస్తే కింద గీత పెడుతుంది కదా, 2016లో మీకు అది ఉందా?

వెన్నెలదారి · శుక్రవారం ఉదయం 8.10

అయ్యో. లేదు. ఇప్పుడు నీలం గీత వస్తుంది, నేను దాని మీద నొక్కేస్తాను. ఎన్నిసార్లు నొక్కానో దేవుడికే తెలియాలి.

లెక్కలపంతులు · శుక్రవారం ఉదయం 8.16

అయితే మెయిళ్ల పోలిక చెల్లదు. మాటకి మాటే పోల్చాలి. పాత వాయిస్ ఏమైనా ఉందా? లేకపోతే మాట గడ్డకట్టిందనీ చెప్పలేం, కదిలిందనీ చెప్పలేం.

గోరింక77 · శుక్రవారం ఉదయం 9.02

నా స్పానిష్ కూడా ఇలా లెక్కపెట్టాలంటే భయంగా ఉంది. నవలలే చదువుకుంటాను.

వెన్నెలదారి · శనివారం రాత్రి 10.25

పాత హార్డ్‌డిస్క్‌లో 2017 నాటి ప్రెజెంటేషన్ రికార్డింగ్ దొరికింది. నలభై నిమిషాలు ఉంది. కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నా. మొదటి వాక్యమే “గుడ్ మార్నింగ్ ఆల్, టుడే ఐ విల్ షో న్యూ డిజైన్.”

ఒకటో చోటు, తప్పు. విశేషణం కూడా ఉంది.